ఆన్‌లైన్‌లో దొరికే ఒమెగా సీమాస్టర్ అసలా, నకిలీయా: బరువు, మూవ్‌మెంట్, పనితనం – దేన్ని ఎంతవరకు నమ్మాలి

ఒకే మోడల్ వాచీ ఆన్‌లైన్‌లో మూడు చోట్ల మూడు ధరలకు కనబడినప్పుడు, కొనేవారు ముందుగా అడిగేవి రెండే ప్రశ్నలు: చేతికి బరువుగా ఉందా, చూడటానికి నిగనిగలాడుతోందా? నకిలీలు తయారుచేసేవారికి కూడా ఈ రెండు ప్రశ్నలు బాగా తెలుసు కాబట్టి, వాటికి సరైన జవాబు వచ్చేలాగే సరుకును సిద్ధం చేస్తారు. వాచీని నడిపే లోపలి యంత్రాన్ని, అంటే మూవ్‌మెంట్‌ను మాత్రం అంత తక్కువ ఖర్చుతో అనుకరించడం సాధ్యం కాదు. అందువల్ల బరువు, మూవ్‌మెంట్, పనితనం అనే మూడు ఆధారాలను సమానంగా తూచకూడదన్నదే నా అభిప్రాయం. దేనికి ఎంత విలువ ఇవ్వాలో ఒక నిజమైన ఎంపికను ముందు పెట్టుకొని వివరిస్తాను.

ప్రొద్దుటూరులో బంగారు అంగడి నడిపే మా బావగారు, కాబోయే అల్లుడికి పెండ్లిలో పెట్టడానికి ఒమెగా సీమాస్టర్ డైవర్ 300ఎం వాచీ కొనాలనుకున్నారు. 2018లో వచ్చిన రూపం అది: 42 మిల్లీమీటర్ల స్టీలు కేసు, అలలు చెక్కిన నల్లని సిరామిక్ డయల్, 6 అంకె ఉండే చోట తేదీ, వెనుక గాజు మూత, లోపల 8800 అనే మూవ్‌మెంట్. నకిలీలు విస్తారంగా తిరుగుతున్న మోడళ్లలో ఇదొకటి. అయితే కొనేవారికి ఇందులో రెండు సౌకర్యాలు ఉన్నాయి. వెనుక గాజు ఉన్నందున మూత విప్పకుండానే మూవ్‌మెంట్ కనబడుతుంది. ఆ మూవ్‌మెంట్ కొట్టుకునే వేగం చాలా వాచీల వేగానికి భిన్నమైనది కాబట్టి, దాన్ని ఫోన్ వీడియోలోనే లెక్కపెట్టవచ్చు.

ఆయన ముందు మూడు ప్రకటనలు నిలిచాయి. మొదటిది ఒక సోషల్ మీడియా పేజీలోనిది. దుబాయ్ నుంచి వచ్చిన మిగులు సరుకు, పెట్టె, కార్డులతో సహా కొత్తది, ధర 95,000 రూపాయలు అని ఉంది. రెండవది బెంగళూరులోని ఒక సొంతదారు పెట్టినది. 2021లో కొన్నానని, కార్డులూ చైనులోంచి తీసిన రెండు లింకులూ ఉన్నాయని చెబుతూ 3,10,000 అడిగాడు. మూడవది వాడిన వాచీలను పరీక్షించి అమ్మే ఒక ఆన్‌లైన్ సంస్థది. ధర 3,75,000, ఒక సంవత్సరం సొంత వారంటీ, ఏడు రోజుల్లో వెనక్కి ఇచ్చే అవకాశం. అధీకృత షోరూములో కొత్తది వీటన్నిటికంటే ఎక్కువ ధర పలుకుతుంది.

ధరను చూసి మొదటిదాన్ని అప్పుడే పక్కన పెట్టవచ్చు కదా అని చదివేవారు అనుకోవచ్చు. అలా చేయడం మంచిదే, కానీ నకిలీలు ఎల్లప్పుడూ తక్కువ ధరకే రావు. లక్ష లోపు నకిలీని పట్టించిన పరీక్షే మూడు లక్షల నకిలీని కూడా పట్టించాలి కాబట్టి, మూడింటినీ ఒకే పరీక్షలకు నిలబెట్టాము.

బరువు చెప్పగలిగేది

అసలైన వాచీ బరువుగా ఉంటుంది, నకిలీది తేలికగా ఉంటుంది అన్న మాట పూర్వం కొంతవరకు చెల్లింది. అప్పట్లో చవక నకిలీల కేసులను జింకు మిశ్రమంతో పోతపోసి పైన మెరుగు పూసేవారు, చైను లింకులను రేకు మడిచి బోలుగా చేసేవారు. ఇప్పుడు ‘ఫస్ట్ కాపీ’ పేరిట తిరిగేవాటిలో చాలావరకు నిజమైన స్టీలుతో, గట్టి లింకులతో వస్తున్నాయి. స్టీలు ఎవరు కోసినా స్టీలే. ఒకే కొలతల్లో కోస్తే ఒకే బరువు తూగుతుంది.

మా బావగారి ఎంపికలో బరువు దారి తప్పించింది కూడా. మొదటి అమ్మకందారు వాచీని త్రాసు మీద పెట్టి వీడియో పంపాడు. ఆ అంకె, ఒమెగా తన వెబ్‌సైట్‌లో ఈ మోడల్‌కు ఇచ్చిన సుమారు బరువుకు దగ్గరగానే ఉంది. బెంగళూరు సొంతదారు పంపిన ఫోటోలో మాత్రం త్రాసు దానికంటే 9 గ్రాములు తక్కువ చూపింది. బంగారం తూచే చేతికి 9 గ్రాములు చాలా పెద్ద తేడా కాబట్టి, బావగారు రెండవదాన్నే అనుమానించారు. ఆ తరువాత ఆ సొంతదారును, చైనులోంచి తీసిన రెండు లింకులను కూడా వాచీ పక్కన పెట్టి మళ్లీ తూచమని అడిగితే, తేడా ఒక గ్రాము లోపలికి వచ్చింది. మణికట్టుకు తగినట్లు తీసిన లింకులు ఎన్ని, చైనులో మిగిలినవి ఎన్ని అన్న లెక్క లేకుండా రెండు వాచీల బరువులను పోల్చడంలో అర్థం లేదు.

బరువు కంటే సాంద్రత కొంత మెరుగైన సాక్ష్యం. వాచీ చేతికి వచ్చాక, విడిగా ఉన్న లింకులతో ఈ పరీక్షను 0.01 గ్రాము వరకు చూపే త్రాసు ఉన్న ఏ బంగారు అంగడిలోనైనా చేయవచ్చు. ముందు లింకులను పొడిగా తూచాలి. తరువాత సగం నీళ్లు పోసిన గ్లాసును త్రాసు మీద పెట్టి, అంకెను సున్నా చేసి, దారానికి కట్టిన లింకులను నీటిలో పూర్తిగా మునిగేలా, అడుగుకు గాని అంచుకు గాని తగలకుండా వేలాడదీయాలి. అప్పుడు త్రాసు చూపే గ్రాములే ఆ లింకుల ఘనపరిమాణం. పొడిగా 16 గ్రాములు తూగిన లింకులు స్టీలువైతే నీటిలో సుమారు 2 గ్రాములు చూపుతాయి. జింకు మిశ్రమమైతే 2.4 దగ్గర, మెరుగు పూసిన ఇత్తడి అయితే 1.9 దగ్గర నిలుస్తుంది. పిన్నులు దూరే రంధ్రాల్లో గాలి బుడగలు ఇరుక్కుంటే లెక్క తప్పుతుంది కాబట్టి, నీటిలో ఒక చుక్క సబ్బు ద్రవం కలిపి లింకులను కాస్త కదిలించాలి. వాచీ తలను మాత్రం ఎప్పుడూ ఈ విధంగా ముంచకూడదు. 300 మీటర్ల లోతుకు తట్టుకుంటుందని వాచీ మీద రాసి ఉన్నా, అది అసలుదని తేలేవరకు లోపలి రబ్బరు వలయాలను నమ్మలేము.

ఇంతా చేసి లింకులు స్టీలువని తేలితే మనకు తెలిసింది అవి స్టీలువని మాత్రమే. బరువు, సాంద్రత తేడాగా వచ్చి, ఆ తేడాకు కారణం దొరకకపోతే వాచీని తిరస్కరించవచ్చు. సరిపోయినంత మాత్రాన ఒప్పుకోవడానికి వీల్లేదు. బంగారు వాచీల విషయం వేరు. 18 క్యారెట్ల బంగారం అదే పరిమాణంలోని స్టీలుకు దాదాపు రెట్టింపు తూగుతుంది కాబట్టి, బంగారు చైను ఉన్న మోడళ్లలో బరువు బలమైన సాక్ష్యమే. ఆ పరీక్షలో ప్రొద్దుటూరు వర్తకులకు మరొకరు నేర్పవలసింది ఏమీ లేదు.

సెకన్ల ముల్లు లెక్క

ఆటోమేటిక్ వాచీలో సెకన్ల ముల్లు జారినట్లు కనబడినా, నిజానికి చిన్న చిన్న అడుగులు వేస్తుంది. ఒక సెకనులో ఎన్ని అడుగులు వేస్తుందన్నది మూవ్‌మెంట్‌ను బట్టి ముందే నిర్ణయమై ఉంటుంది. ఒమెగా 8800 గంటకు 25,200 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు 7 అడుగులు. నకిలీల్లో ఎక్కువగా వాడే చైనా మూవ్‌మెంట్లు స్విట్జర్లాండ్‌లోని ఈటీఏ సంస్థ పాత నమూనాలను పోలి, గంటకు 28,800 సార్లు, అంటే సెకనుకు 8 సార్లు కొట్టుకుంటాయి. మరింత చవకవాటిలో అది 21,600, అంటే సెకనుకు 6.

ఒక సెకనులో ఏడా, ఎనిమిదా అన్నది కంటికి తెలియదు. కానీ ఈరోజుల్లో చాలా ఫోన్లలో స్లో మోషన్ వీడియో ఉంది. అమ్మకందారును ఫోన్ కదలకుండా పెట్టి, పగటి వెలుతురులో, డయల్‌కు దగ్గరగా, సెకన్ల ముల్లు 12 దగ్గర గుర్తు నుంచి 1 దగ్గర గుర్తు వరకు వెళ్లే దృశ్యాన్ని స్లో మోషన్‌లో తీసి పంపమని అడగాలి. ఆ దూరం సరిగ్గా 5 సెకన్లు. వీడియోను ఆపుతూ ఆపుతూ ముల్లు వేసిన అడుగులను లెక్కపెడితే, 8800 అయినప్పుడు 35 వస్తాయి. 28,800 రకమైతే 40, 21,600 రకమైతే 30 వస్తాయి. బ్యాటరీ వాచీ అయితే 5 మాత్రమే. వీడియో ఎంత నెమ్మదిగా నడుస్తోందన్న సంగతితో ఈ లెక్కకు పనిలేదు, ఎందుకంటే కాలాన్ని మనం డయల్ మీది గుర్తులతోనే కొలుస్తున్నాము. నిర్ధారణ కోసం 12 నుంచి 2 వరకు లెక్కపెడితే తేడా ఇంకా స్పష్టమవుతుంది: 70కి బదులు 80 వస్తాయి.

మొదటి అమ్మకందారు పంపిన వీడియోలో బావగారి కొడుకు రెండుసార్లు లెక్కపెట్టాడు. రెండుసార్లూ 40 వచ్చింది. బెంగళూరు వాచీలో 35, సంస్థ వాచీలో కూడా 35. మొదటిది నకిలీ అని తేల్చడానికి ఇక వేరే సాక్ష్యం అవసరం లేదు. అసలైన 8800ను సరిచేసేటప్పుడు రోజుకు కొన్ని సెకన్ల తేడాను సవరిస్తారు గాని, దాని పళ్లచక్రాల అమరికే 25,200కు చేసినది కాబట్టి, అది 28,800 వేగంతో నడవడం ఏ విధంగానూ జరగదు. ‘సర్వీసులో వేగం పెంచారు’ అని అమ్మకందారు ఇచ్చిన వివరణ అందువల్ల నిలవదు.

అయితే 35 వచ్చినంతనే వాచీ అసలుదని నమ్మకూడదు. కొన్ని ఖరీదైన నకిలీల్లో మూవ్‌మెంట్‌ను 25,200కే అమర్చి పంపుతున్నారు. అందువల్ల రెండవ, మూడవ వాచీలకు వెనుక గాజులోంచి చూసే పరీక్ష మిగిలింది.

వెనుకనుంచి చూసేటప్పుడు అందరి దృష్టి, చేయి కదిలినప్పుడు తిరిగి స్ప్రింగును చుట్టే రోటర్ మీద చెక్కిన అక్షరాల మీదకు పోతుంది. నకిలీలు తయారుచేసేవారు కూడా ముందు వాటినే దిద్దుతారు కాబట్టి వాటిని వదిలేసి, బ్యాలెన్స్ చక్రాన్ని వెతకాలి. అటూ ఇటూ వేగంగా ఊగే చిన్న చక్రం అదే. సాధారణ మూవ్‌మెంట్లలో ఆ చక్రం ఇరుసు పైన, వేగం పెంచడానికో తగ్గించడానికో జరిపే ఒక సన్నని మీట ఉంటుంది. 8800లో ఆ మీట లేదు. వేగాన్ని చక్రం అంచునే సవరిస్తారు. వెనుక గాజులోంచి బ్యాలెన్స్ పైన అలాంటి మీట కనబడితే, అక్షరాలు ఎంత అందంగా ఉన్నా అది 8800 కాదు. రోటర్ అడ్డం వచ్చినప్పుడు వాచీని కొంచెం వంచితే అది పక్కకు జరుగుతుంది. ఆ కోణంలో ఒక ఫోటో, ఎదురుకోణంలో మరో ఫోటో అడగడం మంచిది.

తరువాత చూడవలసినవి ఎర్రని రాళ్లు. అవి ఇరుసుల కొనలు తిరిగే చోట ఒరుసుకోకుండా పెట్టే కృత్రిమ కెంపులు. అసలైనవాటి చుట్టూ పళ్లెంలాంటి చిన్న గుంత సానబట్టి మెరుస్తూ ఉంటుంది, రాయి నడిమధ్యన ఇరుసు కొన కనబడుతుంది. నకిలీల్లో మామూలు మూవ్‌మెంట్ పైన అలలు ముద్రించిన రేకును కప్పి, కొన్ని రాళ్లను అలంకారానికి అతికిస్తారు. అలాంటి రాయి మధ్యలో ఇరుసు ఉండదు, గుంత అంచు మొద్దుగా ఉంటుంది. అసలైన 8800 మీద నడుమ నుంచి అంచుల వైపు వంపు తిరిగి వెళ్లే చారలు చక్రాలను పట్టి ఉంచే వంతెన పలకల మీద, రోటర్ మీద ఒకే పనితనంతో ఉంటాయి. పలక అంచు దగ్గర హఠాత్తుగా లోతు తగ్గిపోవు.

చెవితో చేసే పరీక్ష కూడా ఒకటి ఉంది, అది వాచీ చేతికి వచ్చాకే సాధ్యం. 8800లో రోటర్ ఏ వైపు తిరిగినా స్ప్రింగు చుట్టుకుంటుంది. కొన్ని నకిలీల్లో వాడే జపాన్ మియోటా మూవ్‌మెంట్లలో ఒక వైపు తిరిగినప్పుడే చుట్టుకుంటుంది, రెండవ వైపు రోటర్ అదుపు లేకుండా గిర్రున తిరిగి చేతికి తెలిసేంత అదురు పుట్టిస్తుంది. అదురు ఉంటే అనుమానించాలి. లేకపోతే దాన్నిబట్టి తేల్చడానికి ఏమీ లేదు, ఎందుకంటే ఈటీఏ నమూనా నకిలీలు కూడా రెండు వైపులా చుట్టుకుంటాయి.

సమయం నిలకడ గురించి అమ్మకందారులు చెప్పే ఒక సాకును ఇక్కడే ప్రస్తావించాలి. వాచీ రోజుకు నిమిషం ముందుకు పోతోందంటే ‘అయస్కాంతం పట్టింది, రిపేరు చేసేవాడు రెండు నిమిషాల్లో తీసేస్తాడు’ అంటారు. చాలా వాచీల విషయంలో ఇది నిజమే. కానీ 8800లో బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నని హెయిర్ స్ప్రింగు సిలికాన్‌తో చేసినది, మూవ్‌మెంట్ 15,000 గాస్ అయస్కాంత క్షేత్రాన్ని తట్టుకునేలా పరీక్ష పొందినది. ఇంట్లోని స్పీకరు గాని, ఫోన్ కవరు గాని ఆ స్థాయికి చేరవు. అందువల్ల ఈ మోడల్ గురించి ఆ సాకు చెప్పారంటే లోపల ఉన్నది 8800 కాకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది. ధ్రువీకరణ ప్రకారం ఇది రోజుకు 0 నుంచి 5 సెకన్ల వరకు ముందుకు నడవాలి; సర్వీసు సమయం దాటిన వాడిన వాచీ కొంత అటూ ఇటూ ఉండవచ్చు గాని, నిమిషాల తేడాకు ఇంకేదో బలమైన కారణం ఉండాలి.

రోలెక్స్ సబ్‌మెరీనర్ వంటి మోడళ్లు కొనేవారికి వెనుకనుంచి చూసే ఈ అవకాశం ఉండదు, ఎందుకంటే వాటి వెనుక మూత గట్టి స్టీలు. గాజు మూత పెట్టిన సబ్‌మెరీనర్ కనబడితే, అది కంపెనీ నుంచి అలా వచ్చినది కాదని వెంటనే చెప్పవచ్చు. అక్కడ సెకన్ల ముల్లు లెక్క కూడా అంతగా ఉపకరించదు. అసలుదీ 28,800, నకిలీదీ 28,800.

పాలిష్ చేరలేని చోట పనితనం

మూడు ఆధారాల్లో అత్యంత సులభంగా మోసపుచ్చేది పనితనమే, ఎందుకంటే వాడిన వాచీ విషయంలో అది రెండు వైపులా తప్పు చెబుతుంది. సీమాస్టర్ కేసుకు చైను కలిసే కొమ్ములు మెలిదిరిగి ఉంటాయి. వాటి మీద గీతల మెరుగు, అద్దపు మెరుగు కలిసే చోట అసలైనదానికి కత్తితో గీసినట్లు పదునైన గీత ఉంటుంది. నకిలీల్లో ఆ గీత మెత్తబడి గుండ్రంగా ఉంటుందని చాలామంది రాస్తారు, అది నిజమే. కానీ అసలైన వాచీని గీతలు పోవడానికని ఎవరైనా చక్రం మీద పెట్టి పాలిష్ చేసినా అదే జరుగుతుంది. బెంగళూరు వాచీ కొమ్ములు అలాగే గుండ్రబడి ఉన్నాయి, మొదటి ప్రకటనలోని నకిలీ కొమ్ములు దానికంటే పదునుగా ఉన్నాయి. కేసును మాత్రమే చూసి తీర్పు చెబితే నకిలీని ఎన్నుకొని అసలుదాన్ని వదులుకునేవారము.

అందువల్ల పాలిష్ చక్రం చేరలేని చోట, అంటే గాజు లోపల చూడాలి. డయల్, ముళ్లు, గుర్తులు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్లే ఉంటాయి. బంగారు అంగళ్లలో రాళ్లు చూసే పది రెట్ల కంటి భూతద్దం దీనికి సరిపోతుంది; ఫోటో అయితే వెలుతురు పక్కనుంచి పడేలా, దగ్గరనుంచి తీయమని అడగాలి. ఈ డయల్ సిరామిక్‌తో చేసినది, అలలను లేజరుతో చెక్కారు. పక్క వెలుతురులో ప్రతి అల అంచూ స్పష్టంగా తెగినట్లు కనబడాలి. పోత పోసి లక్క పూసిన నకిలీ డయల్‌లో అల అంచు మెత్తగా, నీరు నిలిచినట్లు ఉంటుంది. ముళ్ల నడుమ ఖాళీ భాగాల లోపలి అంచులను కూడా చూడాలి. పైభాగం ఎంత మెరిసినా, లోపలి అంచు రంపపు కోతలా ఉంటే ఆ ముల్లు ఒమెగా ఫ్యాక్టరీలో తయారైనది కాదు.

చీకటి గదిలో తీసిన వీడియో కూడా అడగాలి. ఈ మోడల్‌లో నిమిషాల ముల్లు, డయల్ చుట్టూ తిప్పగలిగే బెజెల్ వలయం మీది చుక్క ఆకుపచ్చగా వెలుగుతాయి. గంటల ముల్లు, డయల్ గుర్తులు నీలంగా వెలుగుతాయి. నీటి అడుగున ఈదేవారికి గడిచిన నిమిషాలు మాత్రమే వేరుగా కనబడాలన్నది దాని ఉద్దేశం. మొదటి వాచీలో అన్నీ ఒకే ఆకుపచ్చ రంగులో వెలిగాయి. మంచి నకిలీల్లో రెండు రంగులూ ఉంటాయి కాబట్టి ఇది కూడా తిరస్కరించడానికే పనికొస్తుంది.

కార్డులు, సీరియల్ నంబరు గురించి ఒక్క మాట. కేసు మీది నంబరు, కార్డు మీది నంబరు ఒకటే అయినంత మాత్రాన ధైర్యపడకూడదు; నకిలీలు తయారుచేసేవారు ఒక అసలు వాచీ నంబరునే అనేక వాచీల మీద చెక్కి, దానికి తగిన కార్డులు కూడా ముద్రిస్తారు. అమ్మకందారు ఇచ్చిన నంబరును ఇంటర్నెట్‌లో వెతికినప్పుడు అదే నంబరుతో వేరే ఊరి ప్రకటన కనబడితే మాత్రం అక్కడే ఆగిపోవాలి.

రెండవదా, మూడవదా

మిగిలిన రెండు వాచీలలోనూ అడుగులు 35, బ్యాలెన్స్ పైన మీట లేదు, రాళ్ల మధ్య ఇరుసులు ఉన్నాయి, డయల్ అలలు పదునుగా ఉన్నాయి. ఫోటోలు, వీడియోలు అంతకంటే ఎక్కువ చెప్పలేవు. ఆ వీడియోలు నిజంగా అమ్మబోయే వాచీవేనా అన్న సందేహం తీరడానికి, ఆ రోజు తేదీ, కొనేవారి పేరు చేతితో రాసిన కాగితాన్ని వాచీ పక్కన పెట్టి, ఆపకుండా ఒకే వీడియోలో ముందు, వెనుక, సీరియల్ నంబరు చూపమని ఇద్దరినీ అడిగాము, ఇద్దరూ పంపారు.

ధరల మధ్య తేడా 65,000 రూపాయలు. ఆ డబ్బు మూడవ వాచీలో దేనికి పోతోందంటే, పాలిష్ పడని కేసుకు, ఏడాది వారంటీకి, ఏడు రోజుల గడువుకు. రెండవదాన్ని ఎన్నుకోవాలంటే ఆ రక్షణను మనమే మరో దారిలో సమకూర్చుకోవాలి. అందుకు నేను సూచించిన షరతు ఒక్కటే: డబ్బు ఇవ్వకముందే సొంతదారుతో కలిసి బెంగళూరులో కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రానికి వెళ్లి, సర్వీసు అంచనా కోసం వాచీని ఇవ్వడం. మూత తెరిచి చూడటం వారి పని కాబట్టి, లోపల ఉన్నది 8800 కాకపోతే అది అక్కడే బయటపడుతుంది. ఈ షరతుకు సొంతదారు ఒప్పుకోకపోయి ఉంటే, మిగిలిన పరీక్షలన్నిటిలో వాచీ నెగ్గినా, మూడవదాన్నే కొనమని చెప్పేవాణ్ణి.

ఆయన ఒప్పుకున్నాడు. కేంద్రంలో మూవ్‌మెంట్ అసలుదేనని తేలింది. నూనెలు ఎండుతున్నందున త్వరలో సర్వీసు చేయించాలని చెప్పారు. కొమ్ములు గుండ్రబడినందుకు, సర్వీసు ఖర్చుకు కలిపి బావగారు 20,000 తగ్గించమని అడిగి, 2,90,000కు కొన్నారు. అనంతపురం, కర్నూలు, కడప ఊళ్ల నుంచి బెంగళూరుకో హైదరాబాదుకో ఒక్క రోజు వెళ్లిరాగలిగినవారికి ఈ దారే మేలని నా అభిప్రాయం. వెళ్లలేనివారు, లేదా సొంతదారు ఊరు మరీ దూరమైనవారు, 65,000 ఎక్కువైనా మూడవరకం అమ్మకందారునే ఎన్నుకోవాలి.

అలా ఎన్నుకున్నప్పుడు ఏడు రోజుల గడువును వృథా కానివ్వకూడదు. పార్సెల్ విప్పడాన్ని మొదటినుంచి చివరిదాకా ఆపకుండా వీడియో తీయాలి. చైను మీద, మూత మీద ఉన్న ప్లాస్టిక్ పొరలను, ట్యాగును తీయకూడదు. మొదటి రోజే సెకన్ల ముల్లు అడుగులు, బ్యాలెన్స్ పైన మీట, డయల్ అలలు మళ్లీ చూసుకోవాలి, ఎందుకంటే ప్రకటనలో చూపిన వాచీ ఒకటి, పంపినది ఇంకొకటి కావచ్చు. అదే రోజు కీ పూర్తిగా తిప్పి, కదలకుండా బల్ల మీద ఉంచి, ఎన్ని గంటలు నడుస్తుందో చూడాలి. 8800కు 55 గంటలు చెప్పారు కాబట్టి ఈ పరీక్షకు రెండు రోజులకు పైగా పడుతుంది. సాధారణ నకిలీలు 40 గంటల దగ్గర ఆగిపోతాయి. సర్వీసు చూడని అసలు వాచీ కూడా కొంత ముందే ఆగవచ్చు గాని, 40 దగ్గర ఆగితే వాచీని సర్వీసు కేంద్రానికి చూపించాలి, లేదా తిప్పి పంపాలి. ఆగిన వాచీని మళ్లీ తిప్పి, మూడవ, నాలుగవ రోజుల్లో ఫోన్ గడియారంతో పోల్చి, రోజుకు ఎన్ని సెకన్లు మారుతోందో రాసుకోవాలి. వెనక్కి పంపే నిర్ణయం ఐదవ రోజుకు తేలిపోవాలి. మన ఊళ్ల నుంచి ఇన్సూరెన్సు చేసిన కొరియరు వెళ్లడానికి మిగిలిన రెండు రోజులు పడతాయి. గడువు తేదీ పార్సెల్ చేరేనాటికా, పంపేనాటికా అన్నది డబ్బు కట్టకముందే అమ్మకందారు చేత రాతపూర్వకంగా చెప్పించుకోవాలి.